పాత మాస్టర్ల బొమ్మలు కాపీ చేస్తే నిజంగా చెయ్యి తిరుగుతుందా?

గోడమీదిబొమ్మ

నేను ఎక్కడా నేర్చుకోలేదు, పదకొండేళ్లుగా ఆయిల్స్‌తో సొంతంగా తంటాలు పడుతున్నా. ఆర్ట్ కాలేజీలో చదివినవాళ్లు ఎవరు కలిసినా ఒకటే పాట: "ముందు పాత మాస్టర్లని కాపీ చెయ్యి, చెయ్యి దానంతటదే తిరుగుతుంది." సరే, ఆ ముచ్చటా తీర్చుకుందామని డచ్ చిత్రకారుడు వెర్మీర్ వేసిన ముత్యపు లోలాకు అమ్మాయి బొమ్మని పట్టుకున్నా. అసలు సైజే, 44.5 సెంటీమీటర్ల ఎత్తు, 39 వెడల్పు. మంచి ప్రింటు మీద గళ్లు గీసి, కాన్వాస్ మీద గళ్లు గీసి, ఆరు వారాలు కూర్చున్నా. పోలిక బ్రహ్మాండంగా వచ్చింది, చూసినవాళ్లంతా నోరు తెరిచారు.

తర్వాత మా చెల్లిని కిటికీ పక్కన కూర్చోబెట్టి పోర్ట్రెయిట్ మొదలుపెట్టా. ఆరు వారాల శిక్షణ అయింది కదా, ఇక తిరుగులేదనుకున్నా. ఏం వచ్చిందో చెప్పనా? మొహానికి సున్నం కొట్టినట్టుంది, ముక్కు ఎవరో విడిగా చేసి తెచ్చి అతికించినట్టుంది. కాపీకి ముందు వేసిన బొమ్మల్లో ఏ తప్పులున్నాయో అవే తప్పులు, ఒక్కటి కూడా తగ్గలేదు.

కాబట్టి నా మాట ఇదీ. కాపీ చేస్తే కాపీ చెయ్యడం వస్తుంది, అంతే. జిరాక్స్ మెషీన్ రోజుకి వెయ్యి కాపీలు తీస్తుంది, దానికేం చదువొచ్చింది? కాదనేవాళ్లు కారణం చెప్పండి. "శతాబ్దాలుగా అందరూ ఇలాగే నేర్చుకున్నారు" అనే జవాబు మాత్రం వద్దు.

నూనెరంగు

ఆర్ట్ కాలేజీ మనిషినే, ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నదాన్ని, కాబట్టి మీ కోపంలో నా వాటా నేను తీసుకుంటాను. శతాబ్దాల మాట ఎత్తను. మీ ఆరు వారాలు వృథా అని కూడా అనను. కాకపోతే మీరు కాపీ చేసింది వెర్మీర్‌ని కాదు, ఒక ప్రింటుని.

రెండు ప్రశ్నలు అడుగుతాను, దాచకుండా చెప్పండి. మొట్టమొదట కుంచె ఎక్కడ పెట్టారు, ఆఖర్న ఏం వేశారు? ఇక ముక్కు. దూరంగా ఉన్న చెంప, అంటే మనకి ఎడమ వైపు కనబడేది, దానికీ ముక్కు దూలానికీ మధ్య అంచు ఎలా వేశారు?

గోడమీదిబొమ్మ

కళ్లతో మొదలుపెట్టా, అందరూ అక్కడే కదా మొదలుపెడతారు. రెండో రోజే ముత్యం వేసేశా. చెయ్యి ఊరుకోలేదు, ఆ బొమ్మలో అదే కదా అసలు సరదా. తలగుడ్డ, పసుపు చొక్కా ఆ తర్వాత. చివర్లో వెనకంతా ఐవరీ బ్లాక్ నింపేశా, రెండు పూటల పని.

ముక్కు అంచు అంటే... గడిలో ఉన్న రంగు చూసి గడిలో వేసుకుంటూ పోయా. ప్రత్యేకంగా అంచు అని ఏం ఆలోచించలేదు.

నూనెరంగు

మీ జవాబు మీ ఆఖరి వాక్యంలోనే ఉంది.

ఆ బొమ్మ తీసి ఒక్కసారి ముక్కు దగ్గరే చూపు నిలపండి. దూలానికీ ఆ అవతలి చెంపకీ మధ్య గీత లేదు. సన్నటి నీడ కూడా లేదు. వెలుగు ఎడమ నుంచి వస్తోంది, అటువైపు చెంప మీదా దూలం మీదా సమానంగా పడుతోంది, అందుకని రెంటినీ ఒకే రంగు ముద్దలా కలిపేశాడు. అంచు చూసేవాడి బుర్రలో ఏర్పడుతుంది. ముక్కు ఎక్కడ ఆగిందో మనకి తెలిసినట్టే ఉంటుంది, తీరా వేలు పెట్టి చూపించమంటే చూపించలేం.

మీరు గళ్ల లెక్కన వేశారు గనక మీ కాపీలో కూడా అక్కడ గీత ఉండి ఉండదు. చెయ్యి సరిగ్గానే వేసింది. కానీ అక్కడ గీత *లేదు* అని కన్ను గమనించలేదు. అందుకే మీ చెల్లెలి దగ్గరికి వచ్చేసరికి, గళ్లు లేవు, ప్రింటు లేదు, బుర్ర "ముక్కుకి అంచు ఉంటుంది, గీసెయ్" అంది, మీరు గీసేశారు. అతికించిన ముక్కు అలాగే వస్తుంది. నా విద్యార్థుల దగ్గర ఏటా చూస్తుంటాను.

ఇక వరస. వెర్మీర్ వెనక నుంచి ముందుకి వచ్చాడు. ముందు గోధుమ, నలుపు రంగులతో వెలుగునీడల దిమ్మ, అంటే బొమ్మ మొత్తానికి మోటుగా అడుగు పొర, వేసుకున్నాడు. తర్వాత వెనకభాగం, మొహం. ఆ తర్వాత పసుపు చొక్కా, తెల్ల కాలరు, తలగుడ్డ. అన్నీ అయ్యాక ముత్యం. మీరు సరిగ్గా తల్లకిందులుగా వేశారు. ముత్యం ముందు వేసేస్తే దాని వెలుగు దేనితో పోల్చుకుని వేస్తారు? చుట్టూ ఇంకా తెల్ల కాన్వాసే ఉంటే ఏ తెలుపైనా చాలట్లేదనిపిస్తుంది, ఇంకా తెలుపు కలుపుతారు. మొహానికి సున్నం కొట్టడం కూడా ఆ జబ్బే. వెనక చీకటి లేకుండా మొహం వేశారు, నీడలు మరీ నల్లగా అనిపించి భయపడి వాటిలో తెలుపు కలిపారు. నీడలో తెలుపు పడగానే చర్మం సుద్దముక్క అయిపోతుంది, అందులోనూ టైటానియం వైట్ అయితే చెప్పనక్కర్లేదు, చిటికెడు వేస్తే చెంప మొత్తం చల్లబడిపోతుంది. ఆయన వాడిన సీసపు తెలుపు అంత దురుసుగా ఉండదు.

మా క్లాసులో ఆ వెనకభాగానికి పలచటి బర్న్ట్ అంబర్, దాని మీద నలుపు వేయిస్తాను. మొదటి రోజే.

సగంగీత

మేడం, ఇదంతా ఎందుకండీ. వెర్మీర్ ఫ్రీహ్యాండ్ గీయనే లేదు, ఎదురుగా ఉన్నదాని నీడని తెర మీద పడేసే కెమెరా అబ్స్క్యూరా పెట్టుకుని ట్రేస్ చేశాడని అందరికీ తెలిసిందే. ట్రేస్ చేసినవాణ్ణి మళ్లీ మనం గళ్లు గీసి కాపీ చెయ్యడం, దాన్ని శిక్షణ అనుకోవడం! పైగా వాన్ గో ఏ కాలేజీకీ వెళ్లలేదు, ఎవర్నీ కాపీ చెయ్యలేదు, తన మానాన తను వేసుకున్నాడు. గోడమీదిబొమ్మ అన్న చెప్పిందే కరెక్ట్.

నూనెరంగు

సగంగీత గారూ, మీ పేరుకి తగ్గట్టు సగం కరెక్ట్. కెమెరా సంగతి ఇప్పటికీ వాదనలోనే ఉంది. అలాంటి పరికరంలో ఆయన చూసి ఉండొచ్చని చాలామంది నమ్ముతారు, ట్రేస్ చేశాడనడానికి మాత్రం రుజువు లేదు. ఈ బొమ్మలోనే చెవి స్థానం, తలగుడ్డ పైభాగం, మెడ వెనక గీత వేస్తూ వేస్తూ జరిపాడు. అచ్చుగా ట్రేస్ చేసేవాడికి అన్ని సవరింపులెందుకు?

వాన్ గో గురించి మాత్రం తప్పే. 1886లో కొన్నాళ్లు యాంట్వర్ప్ అకాడమీలో కూర్చున్నాడు, తర్వాత పారిస్‌లో కోర్మన్ అనే చిత్రకారుడి స్టూడియోకి వెళ్లాడు. అంతకు ముందే, బొమ్మలు మొదలుపెట్టిన కొత్తల్లో, 1880, 81 ఆ ప్రాంతంలో, చూసి గీసి నేర్చుకోవడానికి అచ్చువేసిన బార్గ్ డ్రాయింగ్ కోర్సు ప్లేట్లన్నీ వరసపెట్టి గీశాడు, అవి తీరాక మళ్లీ మొదట్నుంచి గీశాడు. చనిపోయిన ఏడాది, అంటే 1890లో కూడా వాటిని మళ్లీ తీసుకున్నాడు. రైతుల బొమ్మలు వేసిన ఫ్రెంచ్ చిత్రకారుడు మిలేవైతే ఇరవై పైచిలుకు కాపీ చేశాడు.

గోడమీదిబొమ్మ

ఆగండాగండి. మిలే బొమ్మల్ని ఆయన దేన్ని చూసి కాపీ చేశాడు? నలుపు తెలుపు ప్రింట్లు చూసి. రంగులన్నీ సొంతం, కుంచె దెబ్బలన్నీ సొంతం. ఆ నాగలి, ఆ పొలం, ఆ మనిషి వంపు తప్ప మిగతాదంతా ఆయనే కల్పించుకున్నాడు. దాన్ని మీ ఖాతాలో ఎలా వేసుకుంటారు? అది నా వాదనకి సాక్ష్యం. ఒరిజినల్ సగం లేకపోబట్టే ఆయనకి పని దొరికింది. పూర్తిగా ఉన్నదాన్ని పూర్తిగా దించితే బుర్రకి పనేముంటుంది?

నూనెరంగు

ఇది మంచి పాయింటు, ఒప్పుకుంటున్నా. ఆలోచించుకుని వస్తాను.

బొగ్గుముక్క

అందరికీ నమస్కారం. నాదీ ఇదే సమస్య. నేను రెంబ్రాంట్ సెల్ఫ్ పోర్ట్రెయిట్ కాపీ చేశాను, బాగా వచ్చింది, ఒకాయన కొనుక్కుంటానన్నారు. కింద మూల రెంబ్రాంట్ సంతకం కూడా అచ్చం దించాను. ఇప్పుడు నా సంతకం ఎక్కడ పెట్టాలి? అమ్మితే కేసు అవుతుందా? టెన్షన్‌గా ఉంది.

పాతఫ్రేము

బొగ్గుముక్క గారూ, మీ సమస్య వేరు, అయినా చెబుతా. ముందు ఆ రెంబ్రాంట్ సంతకం చెరిపేయండి. ఆయన పోయి మూడొందల యాభై ఏళ్లు దాటింది, కాపీ చెయ్యడానికి ఇబ్బంది లేదు, కానీ ఆయన సంతకంతో అమ్మితే రేపు అది చేతులు మారి ఎక్కడో అసలుదిగా చలామణీ అవుతుంది. పారిస్ లూవ్ర్ మ్యూజియంలో అనుమతి తీసుకుని కాపీ చేసేవాళ్లకి కూడా సంతకం దించకూడదని నిబంధన, పైగా సైజు ఐదో వంతు పెద్దదో చిన్నదో అయి తీరాలి. మీ పేరు, "రెంబ్రాంట్‌కి నకలు" అన్న మాట, రెండూ కాన్వాస్ వెనక రాసెయ్యండి, టెన్షన్ పోతుంది.

ఇక అసలు చర్చ. నేను బొమ్మలు వెయ్యను, పాత బొమ్మలు శుభ్రం చేసి బాగుచేస్తుంటా. నూనెరంగు గారు చెప్పిన వరస సరైనదే. కానీ ఆ వెనకభాగం గురించి ఒక చిన్న మాట. అది నలుపు కాదండీ.

2018లో మారిట్స్‌హౌస్ మ్యూజియంలో ఆ బొమ్మని రెండు వారాలపాటు స్కానర్ల కింద పెట్టి చూశారు. వెనక ఉన్నది ఆకుపచ్చటి తెర. కుడివైపు పై మూలన మడతలు కూడా ఉన్నాయి. ముదురు పొర వేసి, దాని మీద నీలిమందు, ఇంకో మొక్క నుంచి తీసిన పసుపు కలిపి ఆకుపచ్చ గ్లేజ్, అంటే కింది రంగు కనబడేంత పలచటి పారదర్శకమైన పొర, వేశాడు. ఆ రెండు రంగులూ వెలుతురుకి ఆగవు. మూడున్నర శతాబ్దాల్లో పచ్చదనం పోయి, కింది ముదురు పొర మిగిలింది. కళ్లకి సన్నటి రెప్పవెంట్రుకలు కూడా ఉన్నాయి, మామూలు కంటికి ఇప్పుడు కనబడవు.

ముత్యం కథ ఇంకా తమాషా. 1994లో బొమ్మని శుభ్రం చేసినప్పుడు ముత్యం మీదున్న మెరుపుల్లో ఒకటి అసలు మెరుపే కాదని తేలింది. ఎక్కడో ఊడిన రంగు పెళ్లొకటి వచ్చి అక్కడ అంటుకుంది. తీసేశారు. అంతకు ముందు కాపీ చేసినవాళ్లలో ఎంతమంది ఆ పెళ్లని భక్తిగా, జాగ్రత్తగా, సన్న కుంచెతో వేసి ఉంటారో అని అప్పుడప్పుడు నవ్వుకుంటుంటా.

గోడమీదిబొమ్మ

పాతఫ్రేము గారూ మీ నోట్లో చక్కెర పొయ్య.

చూశారా మేడం? ఇరవై ఏళ్లుగా మీరు పిల్లలతో అంబర్ మీద నలుపు వేయిస్తున్నారు. అది వెర్మీర్ నిర్ణయం కాదు, కాలం చేసిన నష్టం. వాడిపోయిన తెరని, ఊడిపోయిన పెళ్లని కాపీ చేసి "మాస్టర్ దగ్గర నేర్చుకున్నాం" అనుకుంటున్నాం. మా చెల్లి మొహం మీద పెళ్లలు అంటుకోవు, రంగు వెలిసిపోదు. ఏది వేసినా కళ్ల ముందున్న నిజాన్ని చూసి వేస్తా. అది మేలా ఇది మేలా?

నూనెరంగు

తెర సంగతి నేను పట్టించుకోలేదు, తప్పు నాదే. చదివాను కూడా ఎక్కడో, కానీ పాఠం మార్చుకోలేదు. అలవాటు.

అయితే దాంతో మీరు గెలిచేశారని ఒప్పుకోను. పచ్చ వెలిసిపోయింది, సరే. ముక్కు దగ్గర లేని గీత వెలిసిపోయి లేకుండా పోలేదు కదా. వెనక నుంచి ముందుకు రావడం వెలిసిపోలేదు. కాలం రంగుల్ని మారుస్తుంది, రంగుల పక్కన రంగుల్ని పెట్టే తీరుని అంతగా మార్చలేదు. కాపీ చేసేవాడు రంగు దించకూడదు, తీరుని దించాలి.

ఆలోచించి వస్తానన్నా కదా. మీ వాదనకి మీకే తెలియని పెద్ద తోడు ఒకాయన ఉన్నాడు. జాషువా రేనాల్డ్స్, రాయల్ అకాడమీ మొదటి అధ్యక్షుడు, అంటే నా పక్షం మనిషి. 1769లో విద్యార్థులకిచ్చిన రెండో ఉపన్యాసంలో బొమ్మ మొత్తాన్ని దించుతూ కూర్చోవడం మోసపూరితమైన కష్టం అన్నాడు. మనిషి ఏదో చేస్తున్నాననుకుంటాడు, ఎంచుకోవాల్సిన, కూర్చాల్సిన పనే ఉండదు, బుర్ర నిద్రపోతుంది అని. మీ జిరాక్స్ మెషీన్ మాటే, కాస్త మర్యాదగా.

కానీ ఆయన అక్కడ ఆగలేదు. బొమ్మని దించకు, దానికి జోడీ వెయ్యి అన్నాడు. అలాంటి విషయమే తీసుకుని మాస్టర్ ఎలా వేస్తాడో అలా నువ్వు సొంతంగా వేసి, తెచ్చి దాని పక్కన పెట్టు, నీ లోపాలు ఏ గురువూ చెప్పక్కర్లేకుండా కనబడతాయి అన్నాడు. రంగుల విషయంలో మాత్రం కాపీ పనికొస్తుందని ఒప్పుకున్నాడు, అదీ మొత్తం కాదు, నచ్చిన ముక్క వరకే.

కాబట్టి మీకో పని చెబుతాను. మీ చెల్లెల్ని మళ్లీ కూర్చోబెట్టండి. కిటికీ ఎడమ వైపు, వెనక ముదురు రంగు గుడ్డ. మొహం పక్కకి, చూపు మీ వైపు. ముందుగా గోధుమరంగుతో వెలుగునీడల దిమ్మ, తర్వాత వెనక, ఆ తర్వాత మొహం, బట్టలు, ఆఖర్న మెరుపులు. నీడల్లో తెలుపు వద్దు, నీడ రంగు పలచగా ఉండాలి, వెలుగు చిక్కగా. మీ పాత కాపీ గోడకి తిప్పి పెట్టండి, వేస్తున్నంతసేపూ చూడొద్దు. అయ్యాక రెండూ పక్కపక్కన పెట్టండి.

కొత్తకాన్వాస్

మధ్యలో దూరుతున్నందుకు సారీ. నేను ఆయిల్స్ మొదలుపెట్టి నాలుగు నెలలు. ఇంతకీ కాపీ చెయ్యాలా వద్దా? గోడమీదిబొమ్మ అన్నా, నువ్వు వద్దంటున్నావు, మేడం ఒకసారి చెయ్యమంటారు, ఒకసారి వద్దంటారు. నాకు తల తిరుగుతోంది.

గోడమీదిబొమ్మ

వద్దు తమ్ముడూ. అద్దం పెట్టుకుని నీ మొహం నువ్వు వేసుకో. డబ్బు పెట్టి మోడల్‌ని పెట్టుకోనక్కర్లేదు, కదలకు అంటే కదలదు, బాగా రాకపోతే అలగదు.

నూనెరంగు

చెయ్యండి, కానీ మొత్తం బొమ్మ వద్దు. మీకు ఏది రావట్లేదో ఆ ముక్క మాత్రమే. కన్ను రావట్లేదా, ఒక కన్ను. అరచేయంత కాన్వాస్, గంటన్నర కంటే ఎక్కువ కూర్చోవద్దు. మొదలుపెట్టే ముందు ఒక ప్రశ్న కాగితం మీద రాసుకోండి: "ఇక్కడ ముక్కు ఎక్కడ ఆగిందని నాకు ఎలా తెలుస్తోంది?" లాంటిది. జవాబు దొరికాక ఆపెయ్యండి, పూర్తి చెయ్యనక్కర్లేదు. మర్నాడు ప్రింటు దాచేసి అదే ముక్క జ్ఞాపకం నుంచి వెయ్యండి. అక్కడే మోసం బయటపడుతుంది. గళ్లు నింపినవాడికి ఏమీ గుర్తుండదు, చూసినవాడికి సగమైనా గుర్తుంటుంది.

ఇది నా సొంత తెలివి కాదు. పారిస్‌లో లెకాక్ ద బువాబోద్రాన్ అనే ఉపాధ్యాయుడు పంతొమ్మిదో శతాబ్దంలో శిష్యుల చేత జ్ఞాపకం నుంచే గీయించేవాడు. మ్యూజియంకి ఉత్త చేతులతో పంపి, వచ్చాక గీయమనేవాడు. శిల్పి రోడాన్ ఆయన దగ్గర చదువుకున్నవాడే.

సగంగీత

గళ్లు గీయడం ఎలాగూ చీటింగే, నేను మొదట్నుంచీ అదే అంటున్నా.

పాతఫ్రేము

చీటింగ్ కాదండీ. పెద్ద గోడకి చిన్న స్కెచ్ ఎక్కించాలంటే గళ్లే దిక్కు, పాతవాళ్లందరూ గీశారు. కాకపోతే వాళ్లు గళ్లు గీసింది తమ సొంత స్కెచ్ మీద. కూర్పు అప్పటికే అయిపోయింది, ఎక్కించడం మాత్రమే మిగిలింది. నేర్చుకునేవాడికి ఎక్కించడం మిగలకూడదు, కూర్పు మిగలాలి. తేడా అదీ.

గోడమీదిబొమ్మ

మూడు వారాల తర్వాత వచ్చా. పని చేశా, ఉన్నదున్నట్టు చెబుతా.

మొదటి పూట గోధుమరంగు దిమ్మ, గంటన్నరలో అయింది. దాని మీద మొహం మొదలుపెట్టగానే తేడా తెలిసింది, వెనక చీకటి ఉండటంతో నీడలంటే భయం పోయింది. తెలుపు గొట్టం ముట్టుకోకుండా మొహం సగం వేశా, నాకే నమ్మకం కలగలేదు. ముక్కు దగ్గరికి వచ్చా. దూలం పక్కన గీత పెట్టడానికి కుంచె దానంతటదే వెళ్లిపోతోంది, అలవాటు అలా ఉంది. ఆపుకుని చెల్లి వైపు చూశా. అక్కడ నిజంగానే గీత లేదు. చెంపా దూలమూ ఒకటే వెలుగు. ఇన్నేళ్లలో ఎన్ని ముక్కులు వేశానో, ఎప్పుడూ చూడలేదు. కుంచె తుడిచి రెండూ కలిపేశా. ముక్కు వెంటనే మొహంలోకి వెళ్లి కూర్చుంది.

దవడ మాత్రం చెడింది. నీడ వైపు దవడ అంచు కత్తితో కోసినట్టు వచ్చింది, నాలుగుసార్లు చెరిపినా అంతే. కాపీ పక్కన పెట్టి చూస్తే వెర్మీర్ దాన్ని అలా వదల్లేదు, నీడ వెనక చీకట్లోకి జారిపోతుంది. ఎలా జార్చాడో నాకింకా అంతుపట్టలేదు.

వెనకభాగం పెద్ద గోవిందా. పాతఫ్రేము గారి పచ్చ తెర విని ఉత్సాహం ఆగక, ఐవరీ బ్లాక్ వేసి, ఐదో రోజున దాని మీద ప్రష్యన్ బ్లూలో పారదర్శకమైన పసుపు కలిపి, లిన్సీడ్ ఆయిల్ బాగా పోసి గ్లేజ్ వేశా. కుంచెతో రెండుసార్లు సాగదీసేసరికి కింద నలుపు లేచి పైకొచ్చింది, అంతా బురద. ఓ మూల నూనె ఎక్కువైన చోట వారం తర్వాత ముడతలు కూడా పడ్డాయి, పాల మీద మీగడలా.

పాతఫ్రేము

ఐవరీ బ్లాక్ ఆయిల్‌లో అన్నింటికంటే నిదానంగా ఆరేవాటిలో ఒకటి. ఐదు రోజులకి పైన పొర కట్టినట్టు అనిపిస్తుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. కింది పొరలో బర్న్ట్ అంబర్ పాలు ఎక్కువ పెట్టండి, దానిలో మాంగనీస్ ఉంటుంది, త్వరగా ఆరుతుంది, పక్క రంగుని కూడా ఆరనిస్తుంది. రోజులు లెక్కపెట్టకండి. మెత్తటి గుడ్డ మీద చుక్క టర్పెంటైన్ వేసి అంచున ఓ మూల మెల్లగా రుద్ది చూడండి, గుడ్డకి నలుపు అంటితే ఇంకా ఆగాలి. గ్లేజ్‌లో నూనె పొయ్యకూడదు, చుక్కలుగా కలపాలి. పలచగా వేసి, అరచేత్తోనో గుడ్డతోనో తట్టి ఎక్కువైంది తీసెయ్యాలి. ముడతలు పడ్డ చోటు గీకి తియ్యడం తప్ప దారి లేదు.

నూనెరంగు

దవడ గురించి: మొహం నీడ తడిగా ఉండగానే వెనక రంగుని దాని మీదికి కొంచెం లాగాలి, తర్వాత పొడి కుంచెతో ఒక్కసారే, గాలి తగిలినట్టు, అంచు మీద అడ్డంగా పోనివ్వాలి. మీది ఆరిపోయిన వెనక మీద తడి మొహం, కాబట్టి ఎన్నిసార్లు వేసినా కత్తిగాటే. వెర్మీర్ ఇక్కడ ఇలాగే చేశాడని నేను చెప్పను, కాలేజీలో మేం ఇలా చేస్తాం.

ఇప్పుడు చెప్పండి. ముక్కు దగ్గర ఆగాలని మీకెవరు చెప్పారు? వెర్మీరా, మీ చెల్లెలా?

గోడమీదిబొమ్మ

మీరు చెప్పారు మేడం. వెర్మీర్ బొమ్మ ఆరు వారాలు నా ముందే ఉంది, ఆయన నాకేం చెప్పలేదు. ఒక మనిషి ఫలానా చోట చూడు అంటే చూశా, చెల్లి మొహంలో కనబడింది. ఇందులో కాపీ పాత్ర ఏమిటి?

నూనెరంగు

నాకెవరు చెప్పారనుకుంటున్నారు? విద్యార్థిగా ఉన్నప్పుడు ఆ ముక్కుని చిన్న బోర్డు మీద తొమ్మిదిసార్లు వేశాను, ఎనిమిదిసార్లు గీత పెట్టాను.

గోడమీదిబొమ్మ

అయితే మీరు తొమ్మిదిసార్లు వేసి తెలుసుకున్నది నాకు ఒక్క వాక్యంలో ఇచ్చేశారు. ఇక నేనెందుకు తొమ్మిదిసార్లు వెయ్యాలి?

నూనెరంగు

ముక్కుకైతే అక్కర్లేదు. దవడకి నా దగ్గర అలాంటి వాక్యం లేదు.

సగంగీత

మరి వెర్మీర్‌కి ఎవరు చెప్పారు? చూశారా, మొదటివాడు కాపీ చెయ్యకుండానే కనుక్కోవాలి కదా.

పాతఫ్రేము

ఆయన గురువెవరో ఇప్పటికీ తేలలేదండీ. చేరిన గిల్డ్, అంటే చిత్రకారుల సంఘం, తెలుసు, 1653 డిసెంబరులో డెల్ఫ్ట్ సెయింట్ లూక్ గిల్డ్‌లో మాస్టర్‌గా నమోదయ్యాడు. అంతకు ముందు ఎక్కడో శిష్యరికం చేసే ఉండాలి, ఎవరి దగ్గరో కాగితం దొరకలేదు. కాబట్టి ఈ ప్రశ్న ఎవరు గెలవడానికీ పనికిరాదు.

బొగ్గుముక్క

సంతకం చెరిపేశాను. కింద రంగు కూడా కాస్త లేచొచ్చింది. ఆ మూల మళ్లీ ఎలా కలపాలి?

కొత్తకాన్వాస్

మేడం చెప్పినట్టు ముక్కు ముక్క ఒక్కటే వేశా, అరచేయంత బోర్డు మీద. మొదటి రోజు చూసి వేసినప్పుడు గీత పెట్టలేదు, చాలా జాగ్రత్తగా ఉన్నా. రెండో రోజు ప్రింటు దాచి జ్ఞాపకం నుంచి వేశా. వేసి పక్కన పెట్టి టీ తాగి వచ్చి చూస్తే గీత ఉంది. ఎప్పుడు పెట్టానో నాకే తెలియదు.

గోడమీదిబొమ్మ

తమ్ముడూ, ఆ రెండు బోర్డులూ ఫొటో తీసి పెట్టు. రెండోది ముందు పెట్టు.